22 పేజీల సిరీస్ బైబిల్ ఉంది, అయినా నాలుగో ఎపిసోడ్‌కి సరోజనమ్మ వేరే మనిషి అయిపోయింది

అడ్డరోడ్డు47
ఏఐతో చిన్న బొమ్మల సిరీస్ చేస్తున్నాం. ఎపిసోడు ఒక్క నిమిషం, నిలువు ఫ్రేము. గుంటూరు బ్రాడీపేటలో తెల్లారుజామున పెట్టే ఒక టిఫిన్ బండి, అది నడిపే సరోజనమ్మ, తొమ్మిదేళ్ళ మనవడు బుజ్జి, బండి కింద పడుకునే కుక్క గోధుమ. పాత్రలు అంతే. మొదలెట్టే ముందే పద్ధతిగా 22 పేజీల బైబిల్ రాసుకున్నాం. అయినా నాలుగు ఎపిసోడ్లు వరసగా పెట్టి చూస్తే ఆవిడ వయసు అరవై నుంచి నలభైకి దిగింది. ముక్కుపుడక ఒక షాట్లో కుడివైపు, ఇంకో షాట్లో ఎడమవైపు. బుజ్జి ఎర్ర టీషర్టు పక్కన నిలబడితే ఆవిడ చీర కూడా ఎర్రబడుతోంది. మొదటి ఎపిసోడ్లో కసురుకునే ఆవిడ నాలుగో దాంట్లో నీతులు చెబుతోంది.

బైబిల్లో ఆవిడ పేజీ ఇలా మొదలవుతుంది: "సరోజనమ్మ కష్టజీవి. భర్త పోయాక ఒంటిచేత్తో సంసారం ఈదింది. మాట కారం, మనసు వెన్న. గుంటూరు మట్టి ఆమె నడకలోనే తెలుస్తుంది."

ఏం తక్కువైంది ఇందులో?

ఫ్రేము24
సీడ్ నంబరు లాక్ చేయలేదా? ఒక మంచి బొమ్మ వచ్చినప్పుడు దాని సీడ్ రాసుకుని ప్రతి షాటుకీ అదే పెట్టండి. మొహం మారదు. బైబిల్లో రాయాల్సింది ఆ ఒక్క నంబరే.

సండేస్కూల్_రూతు
మేము కూడా పిల్లలకి బైబిల్ కథలు బొమ్మల్లో చేయాలనుకుంటున్నాం, దావీదు కథతో మొదలుపెట్టాం. మీరు ఏ గ్రంథం తీసుకున్నారు? సరోజనమ్మ అనేది ఉపమానంలో పాత్రా?

కృష్ణలంక_కుర్రోడు
రూతక్కా, ఇది ఆ బైబిల్ కాదు. సిరీస్ ఎలా ఉండాలో రాసిపెట్టుకునే పుస్తకాన్ని కూడా అలాగే అంటారు. పాత్రలు, రంగులు, ఏం చేయాలి, ఏం చేయకూడదు, అన్నీ అందులోనే.

గీతల_సుబ్బులు
@అడ్డరోడ్డు47 మీ పేజీ కథ రాసేవాళ్ళకి పనికొస్తుంది, బొమ్మ చేసే యంత్రానికి కాదు. "ఒంటిచేత్తో సంసారం ఈదింది" అన్నదాంట్లో కంటికి కనిపించేది ఒక్కటీ లేదు. కనిపించేది రాయకపోతే ఆ ఖాళీని మోడల్ తనకు అలవాటైన మొహంతో నింపుతుంది. దాని అలవాటు నున్నటి చర్మం, చిన్న వయసు, పెద్ద కళ్ళు. ఆవిడ వయసు దిగిపోవడానికి కారణం అదే.

పేరు కూడా పనిచేయదు. సరోజనమ్మ అంటే మనకి ఒక మనిషి, దానికి ఏమీ కాదు.

అందుకే పాత్ర పేజీని రెండు ముక్కలు చేయండి. ఒకటి మనుషులు చదివేది. ఇప్పుడు మీరు రాసిందే, కాస్త కుదించి ఉంచుకోవచ్చు. రెండోది ప్రతి షాటులోనూ అక్షరం మారకుండా అతికించేది. అందులో గుణాలు ఉండవు, కంటికి ఆనేవే ఉంటాయి. ఆరేడు వరుసలు దాటితే చాలా మోడళ్ళు చివర రాసినవి వదిలేస్తుంటాయి, కాబట్టి అంతకు మించొద్దు. మీ ఆవిడకి నేనైతే ఇలా రాస్తాను:

```
Elderly South Indian woman, about 60, short and stout,
round face, deep smile lines, grey hair in a low bun,
small round red bindi, one gold stud on each nostril,
plain dark green cotton saree, flat mustard border,
mustard blouse with elbow sleeves.
Flat 2D animation, thick brown outline, two-tone shading.
```

దీన్ని ఏ షాటు కోసమూ "కాస్త బాగుండేలా" తిరగరాయొద్దు. "నెరిసిన జుట్టు" అన్నచోట ఇంకోసారి "తెల్లజుట్టు" అని రాశారంటే అది ఇంకో మనిషి. షాటులో ఏం జరుగుతోందో దీని కింద విడిగా రాయండి.

@ఫ్రేము24 సీడ్ మాట సగం నిజం. సీడ్ అంటే బొమ్మ మొదలయ్యే చుక్కల గజిబిజి. అదే మోడల్, అదే సైజు, అదే మాటలు ఉంటే అదే బొమ్మ వస్తుంది. "తెల్లారుజాము" తీసేసి "ఎండ" అని పెట్టగానే బొమ్మంతా సర్దుకుంటుంది, మొహంతో సహా. ఒకే షాటులో ఒక్క మాట మార్చి తేడా చూసుకోవడానికి సీడ్ చాలా పనికొస్తుంది. మనిషిని పట్టి ఉంచడం దాని వల్ల కాదు.

అడ్డరోడ్డు47
రెండు ముక్కుల మీదా పుడక ఎందుకు పెట్టారు మేడమ్? మాది కుడివైపు ఒక్కటే.

గీతల_సుబ్బులు
అది కావాలనే పెట్టాను. ఈ మోడళ్ళకి కుడి ఎడమలు సరిగ్గా పట్టుబడవు. ఆవిడ కుడివైపా, చూసేవాళ్ళ కుడివైపా అన్నది మాటల్లో తేలదు. నేర్చుకునేటప్పుడు చాలా మోడళ్ళకి బొమ్మల్ని అద్దంలోలా తిప్పి కూడా చూపిస్తారు, దాంతో రెండు వైపులూ దానికి ఒకటే. అలాంటప్పుడు దానితో పోట్లాడటం కన్నా డిజైనే మార్చుకోవడం మేలు. మన పక్క పెద్దవాళ్ళు చాలామంది రెండు వైపులా పుడకలు పెట్టుకుంటారు, కాబట్టి చూసేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండదు, తప్పు పోయే చోటూ ఉండదు. పుట్టుమచ్చ, పక్కపాపిడి, ఒక చేతికే గాజులు, ఇలాంటివన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఒకవైపే ఉండేది ఏదైనా నిత్యం కాపలా కాయాల్సిందే.

చీర కూడా అందుకే సాదాగా పెట్టాను. మంగళగిరి సాదా నేత చూడండి, ఒంటి మీద పువ్వులూ గళ్ళూ లేకుండా అంచు ఒక్కటే ఉంటుంది. అది ఈ పనికి సరిపోతుంది. చిన్న చుక్కలు, గళ్ళు ఉన్న చీర కదిలే బొమ్మలో ఫ్రేము ఫ్రేముకీ పాకుతూ ఉంటుంది. కాకపోతే అసలు చీరకుండే జరీ మాత్రం వద్దు. జరీ అని రాస్తే మెరుపు వస్తుంది, ఆ మెరుపు మినుకుమినుకుమంటుంది. అందుకే ఆవపిండి పసుపు అంచు, మెరుపు లేకుండా.

ఎడిటు_టేబుల్
పైటకి ఈ ఉపాయం కుదరదు, అది ఎడమ భుజం మీదే ఉండాలి. పది షాట్లలో ఒకటో రెండో తిరగబడి వస్తాయి. అక్కడ ఎడిటింగులో షాటుని అడ్డంగా తిప్పేయొచ్చు. దానికి రెండు సంగతులు ముందే బైబిల్లో రాసుకుని ఉండాలి.

ఒకటి, బొమ్మలో ఎక్కడా అక్షరాలు ఉండకూడదు. బండి బోర్డు ఖాళీగా చేయించండి. తెలుగు అక్షరాలు చాలాసార్లు సరిగ్గా రావు, ఒత్తులూ గుడులూ కలిసిపోయి జిలేబీ అవుతాయి. బోర్డు మీద మాటలు ఎడిటింగులోనే అతికించాలి. అప్పుడు షాటు తిప్పినా ఇబ్బంది ఉండదు.

రెండు, బండి రెండు వైపులా ఒకేలా ఉండాలి. పొయ్యి, ఇడ్లీ పాత్ర నట్టనడుమ. చట్నీ గిన్నెలు రెండు పక్కలా ఒకే సైజువి. పొయ్యి ఎడమవైపు పెట్టారంటే, షాటు తిప్పగానే పైట సరైపోతుంది గానీ పొయ్యి కుడికి పోతుంది.

ఫ్రేము24
సీడ్ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఇంత తంటా లేకుండా, మోడల్ కి మన పాత్రని నేర్పే చిన్న జోడింపు, అదే లోరా, ట్రైన్ చేసుకుంటే పోతుంది కదా. ఇరవై పాతిక బొమ్మలు ఇస్తే మనిషి లోపలే అచ్చు పడిపోతుంది. తర్వాత ఆ మనిషికి పెట్టుకున్న పిలుపు మాట ఒక్కటి రాస్తే చాలు.

గీతల_సుబ్బులు
మీ దగ్గర గ్రాఫిక్స్ కార్డు ఉండి, మోడల్ మీ చేతిలోనే నడుస్తుంటే మంచి దారే. కానీ ఆ పాతిక బొమ్మలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇప్పుడున్న నాలుగు ఎపిసోడ్ల నుంచి తీస్తే నలభై ఏళ్ళ సరోజనమ్మ కూడా అందులోకి వెళ్ళిపోతుంది. తప్పుల్ని కూడా అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. ముందు బొమ్మ కుదరాలి, తర్వాతే ట్రైనింగు.

ఇంకోటి. పాతిక బొమ్మల్లోనూ ఆవిడ బండి వెనకే ఉంటే బండి కూడా ఆవిడ ఒంట్లో భాగమైపోతుంది. ఆసుపత్రిలో చూపించమన్నా ఎదురుగా బండి వస్తుంది. వెనక దృశ్యం, వెలుగు, చేతులు మారుతుండాలి, మనిషి మాత్రం మారకూడదు. బొమ్మల కింద రాసే వివరంలో కూడా మారొచ్చన్నవే రాయాలి: "బయట, ఎండ, గరిటె పట్టుకుంది" అని. పుడక, కొప్పు లాంటి మారకూడనివి రాయకుండా వదిలేస్తే అవి పిలుపు మాటకి అంటుకుంటాయి.

ఫ్రేము24
వివరంలో అన్నీ పూసగుచ్చినట్టు రాయాలనుకున్నాను ఇన్నాళ్ళూ. అక్కడే తప్పుతోందన్నమాట.

సండేస్కూల్_రూతు
పేరు చూసి పొరబడ్డాను, క్షమించండి. కానీ మా ఇబ్బందీ ఇదే. దావీదు ముందు గొర్రెలు కాచే పిల్లాడు, తర్వాత రాజు. రెండు వయసుల్లోనూ అతనే అని పిల్లలు గుర్తుపట్టాలి. రాజుని చేయించగానే సంబంధం లేని ఎవరో గడ్డమాయన వస్తున్నాడు.

గీతల_సుబ్బులు
రూతు గారూ, వయసుకొక పాత్ర అనుకుని రెండు పేజీలు రాసుకోండి. రెండింటిలోనూ మూడు సంగతులు ఉన్నవి ఉన్నట్టు ఉంచండి: కనుబొమల ఆకారం, జుట్టు నుదుటి మీద పడే తీరు, ఒంటి మీద ఒకే రంగు గుడ్డ. పిల్లాడికి ఎర్రమట్టి రంగు నడికట్టు ఉంటే రాజుకి అదే రంగు పైవస్త్రం. పిల్లలు మొహం కన్నా ముందు రంగుని గుర్తుపడతారు. గడ్డం పొట్టిగా పెట్టండి. దవడ కనిపించకపోతే పోలిక పోతుంది.

సండేస్కూల్_రూతు
రంగు సంగతి మాకు తట్టలేదు. ఈ వారం చేసి చూస్తాం.

అడ్డరోడ్డు47
మాటల ముక్క సరే. బొమ్మల ముక్కలో ఏం ఉండాలి? ఇప్పుడు మా బైబిల్లో ఆవిడది ఒకటే బొమ్మ, ఎదురుగా నవ్వుతున్నది.

గీతల_సుబ్బులు
ఒక్కటి చాలదు. పక్క మొహం అడిగితే అది ఊహించి గీస్తుంది, ప్రతిసారీ వేరేగా ఊహిస్తుంది. చేతి బొమ్మల కాలం నుంచి మోడల్ షీటు ఉన్నది ఇందుకే. ఎదురు, ముప్పావు, పక్క, వెనక, ఈ నాలుగూ బూడిదరంగు గోడ ముందు, చేతులు కిందకి పెట్టి, నోరు మూసి. నవ్వుతున్న బొమ్మని ఆధారంగా ఇస్తే ఏడవాల్సిన చోట కూడా పెదవుల చివర నవ్వు మిగిలిపోతుంది. మీ నాలుగో ఎపిసోడ్లో అది జరిగే ఉంటుంది.

తర్వాత మొహాలు. మీ కథకి ఐదు చాలు: మామూలు, విసుగు, అనుమానం, మూసిన నోటితో నవ్వు, ఆశ్చర్యం. ఆరోది కావాలనిపిస్తే అది ఈ సిరీస్ కథేనా అని ముందు ఆలోచించండి.

తర్వాత ముగ్గురూ పక్కపక్కన నిలబడ్డ బొమ్మ. బుజ్జి తల ఆవిడ మోచేతికి అందాలి, గోధుమ వీపు బుజ్జి మోకాలికి. ఇది లేకపోతే కుక్క ఒకసారి దూడంత, ఒకసారి పిల్లి అంత అవుతుంది.

చివరగా వెలుగు. మీ బండి తెల్లారుజామున బల్బు కింద మొదలై ఎండలో ముగుస్తుంది. రెండు వెలుగులకీ విడివిడిగా ఆధారం బొమ్మలు ఉండాలి. రంగుల కోడ్లు కూడా రాసుకోండి. అయితే వాటిని ప్రాంప్టులో రాసి లాభం లేదు, చాలా మోడళ్ళు అంత ఖచ్చితంగా పాటించవు. వచ్చిన బొమ్మలో చీర మీద రంగు తీసుకుని సరిపోల్చుకోవడానికి అవి కావాలి.

అడ్డరోడ్డు47
బుజ్జి టీషర్టు రంగు ఆవిడ చీరకి అంటుకోవడం?

గీతల_సుబ్బులు
ఒక ప్రాంప్టులో ఇద్దరిని వర్ణిస్తే ఒకరి గుణం ఇంకొకరికి పాకుతుంది. బుజ్జికి తెల్ల స్కూలు చొక్కా, నీలం నిక్కరు వేయండి. తెలుపు పాకినా పెద్దగా తెలియదు. దాంతోపాటు ఒక రూలు పెట్టుకోండి: ఒక షాటులో రెండు మొహాలే. మూడో మొహం కావాలంటే ఇంకో షాటు. అప్పటికీ ఇద్దరూ కలగలిసిపోతుంటే విడివిడిగా చేయించి ఎడిటింగులో కలపాలి.

కృష్ణలంక_కుర్రోడు
ఇడ్లీకి కూడా ఆధారం బొమ్మ పెట్టండి అన్నా. మాటల్లో అడిగితే నాకు రసగుల్లాలు ఇచ్చింది. ఇడ్లీ పాత్ర బదులు వెదురు బుట్ట వచ్చింది. బెజవాడలో ఆ ఇడ్లీ చూపిస్తే ఊరుకోరు.

ఎడిటు_టేబుల్
నవ్వే మాటలా ఉన్నా చాలా అవసరమైన సంగతి అది. బండి, ఇడ్లీ పాత్ర, ప్లేటు, పిండి బకెట్టు, ఈ నాలుగింటికీ తలొక బొమ్మ బైబిల్లో ఉండాలి. చూసేవాళ్ళు పాత్ర మొహంలో చిన్న తేడాని క్షమిస్తారు, తినే వస్తువులో తేడాని క్షమించరు.

కదలిక గురించి. షాటు చివరి ఫ్రేము తీసి దాన్నుంచే తర్వాతి షాటు మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. రెండు సార్లు బాగానే ఉంటుంది. మూడోసారికి మొహం మెత్తబడుతుంది, రంగులు ముదురుతాయి, గీత లావెక్కుతుంది. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టే. ప్రతి షాటూ ఆధారం బొమ్మల నుంచి కొత్తగా చేసిన నిశ్చల చిత్రంతోనే మొదలవ్వాలి అని బైబిల్లో రూలుగా రాయండి.

లెక్క కూడా రాసుకోండి. ఒక నిమిషం అంటే నాలుగేసి సెకన్ల షాట్లు పదిహేను. యంత్రం మామూలుగా ఐదు సెకన్లో ఎనిమిది సెకన్లో ఇస్తుంది, చివరి సెకన్లలోనే ఎక్కువ పాడవుతుంది, అది కోసేయండి. ఈ పదిహేనులో నాలుగు షాట్లు ప్రతి ఎపిసోడ్లోనూ అవే వాడుకోవచ్చు: ఆవిరితో మూత తీయడం, బండి మొత్తం దూరం నుంచి, గోధుమ తోక ఊపడం, ఖాళీ బకెట్టు కడగడం. ఇవి ఒక్కసారి బాగా చేసి దాచుకుంటే ఇంక పదకొండు షాట్లకే తిప్పలు. ఫైలు పేర్లు ఇలా పెట్టండి, ఎవరికైనా అర్థమవుతాయి:

```
SAR_dawn_side_v03.png
SAR_sun_front_v02.png
BANK_lid_steam_v01.mp4
```

కృష్ణలంక_కుర్రోడు
ఆవిరి ఎక్కువైతే మొహం మబ్బులో పోయినట్టవుతుంది, జాగ్రత్త. మూత తీసే షాటు చేతుల వరకే ఉంచండి, మొహం వద్దు.

మాటల_మూట
అందరూ బొమ్మ గురించే మాట్లాడారు. ఆవిడ నీతులు చెప్పడం మొదలెట్టింది అన్నది నాకు అంతకన్నా పెద్ద జబ్బులా ఉంది. మీ బైబిల్లో టోన్ పేజీలో ఏముంది?

అడ్డరోడ్డు47
"సరదాగా, హృద్యంగా, మన ఊరి వాసనతో."

మాటల_మూట
ఆ మూడు మాటలకీ పదిమంది పది రకాల ఎపిసోడ్లు రాస్తారు, పదీ ఒప్పే అంటారు. టోన్‌ని విశేషణాలతో రాయలేం. తప్పు మాట, ఒప్పు మాట పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఒక సందర్భం తీసుకుందాం. హాస్టలు కుర్రాడు మూడో రోజు కూడా డబ్బుల్లేకుండా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

తప్పు: "ఆకలికి డబ్బుతో పనేముంది నాయనా, కడుపునిండా తిను."
ఒప్పు: "ఆ ప్లేటు పట్టు. నిలబడి చూస్తే చట్నీ అయిపోద్ది."

రెండింట్లోనూ ఇడ్లీ పెట్టింది. మొదటిదాంట్లో మంచితనాన్ని నోటితో చెప్పింది, రెండోదాంట్లో చేత్తో చేసింది. దీన్నుంచి ఒక రూలు వస్తుంది: సరోజనమ్మ దయ పనిలోనే కనిపించాలి, మాటలో ఎప్పుడూ విసుగే. ఈ రూలు చేతిలో ఉంటే ఏ డైలాగునైనా పరీక్షించొచ్చు. ఇలాంటి జతలు ఆవిడకి ఆరు, బుజ్జికి నాలుగు రాసుకోండి. బుజ్జి ప్రశ్నలే అడుగుతాడు, జవాబులు చెప్పడు. వాడి నోట తెలివైన జవాబు వచ్చిందంటే ఆ మాట రాసినవాళ్ళదే, వాడిది కాదు.

చివరి పది సెకన్లలో డైలాగు వద్దు. నీతి ఎప్పుడూ అక్కడి నుంచే దూరుతుంది. బకెట్టు కడిగే చప్పుడుతో ఆపేయండి.

ఎడిటు_టేబుల్
డైలాగు పొడవు కూడా చూడండి. నాలుగు సెకన్ల షాటుకి ఏడెనిమిది మాటలు దాటితే పెదవుల కదలిక పరుగు పెట్టి మాటకి అతకదు. పైన చెప్పిన ఒప్పు మాట లెక్కపెట్టండి, ఏడే ఉన్నాయి. కాలేజీ పిల్లలతో మాట్లాడే పొడుగు వాక్యాలుంటే మాట్లాడేవాళ్ళని కాకుండా వినేవాళ్ళ మొహం చూపించండి. పెదవులు కలపాల్సిన పని ఉండదు, ఆ షాటు బాగుంటుంది కూడా.

ఫ్రేము24
గొంతు యంత్రంతోనే పెట్టారా?

అడ్డరోడ్డు47
అవును. "ఏందిరా" అంటే పాఠం చదివినట్టు వస్తోంది. "4/7" అని రాస్తే ఏదో భాగహారం చదివింది.

మాటల_మూట
అంకెలు ఎప్పుడూ పలికినట్టే రాయాలి: "నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు". కానీ గుంటూరు యాసలో ఉండే ఆ సాగదీత రాతలో పట్టుబడదు. సరోజనమ్మకి మాత్రం ఒక మనిషి గొంతే పెట్టండి. ఎపిసోడుకి ఇరవై మాటలు మించి ఉండవు, పది నిమిషాల్లో రికార్డు అయిపోతుంది. గొంతు ఇచ్చేవాళ్ళు మారకూడదని, వాళ్ళ గొంతుని యంత్రానికి నేర్పాలంటే రాతపూర్వకంగా ఒప్పుకోవాలని కూడా బైబిల్లోనే రాయండి.

కృష్ణలంక_కుర్రోడు
గోధుమకి గొంతు పెట్టరా? కుక్క మాట్లాడితే పిల్లలు అతుక్కుపోతారు.

మాటల_మూట
వద్దు తమ్ముడూ. అది మాట్లాడిన రోజున మిగతా ఇద్దరూ దానికి గిరాకీలు అయిపోతారు. గోధుమకి మనుషుల మాట అర్థం కాదు, వాసనే అర్థమవుతుంది. దాని మీద వచ్చే నవ్వంతా అక్కడే ఉంది.

కృష్ణలంక_కుర్రోడు
ఒప్పుకోను. మనుషులకి వినిపించకుండా చూసేవాళ్ళకే వినిపించేలా పెట్టొచ్చుగా.

గీతల_సుబ్బులు
ఏదైనా సరే, తర్వాతి ఎపిసోడ్‌కి ముందే తేల్చుకోండి. ఒకసారి తేల్చాక మధ్యలో కుక్కకి మాటలు రావడం మాత్రం కుదరదు.

అడ్డరోడ్డు47
చెప్పినట్టు కూర్చుని ఎపిసోడు రూల్స్ రాశాం. 22 పేజీలు 9కి వచ్చాయి. రూల్స్ ఇవి: బండి వదిలి కథ ఎక్కడికీ పోదు. సరోజనమ్మ ఎప్పుడూ బండి వెనకే, నడుం పైవరకే కనిపిస్తుంది. ఎపిసోడుకి ఒకే బయటి మనిషి, అతని వల్లే చిక్కు వస్తుంది. ఆవిరితో మొదలు, పిండి బకెట్టు ఖాళీ అవడంతో ఆఖరు. షాటులో రెండు మొహాలే. చివరి పది సెకన్లు మాటల్లేవు. డబ్బు, పెళ్ళి, చావు కథలోకి రావు.

మాటల_మూట
డబ్బు రాకూడదంటే హాస్టలు కుర్రాడి కథ ఎలా రాస్తారు? టిఫిన్ బండి దగ్గర డబ్బు రాకుండా ఎలా ఉంటుంది? "డబ్బు మొత్తం ఎవరూ పైకి అనరు" అని మార్చండి. రూలు చదవగానే ఈ స్క్రిప్టు దాన్ని పాటించిందా లేదా అని అవును కాదుల్లో చెప్పగలగాలి. మిగతా ఆరూ అలాగే ఉన్నాయి, బాగున్నాయి.

గీతల_సుబ్బులు
నడుం పైవరకే అన్నది చాలా మంచి రూలు. చీర కట్టుకుని నడిచే మనిషి కుచ్చిళ్ళు ఈ యంత్రాలకి ఇంకా లొంగలేదు. రెండడుగులకే కుచ్చిళ్ళు గౌను అయిపోతాయి.

ఇప్పుడు ఎపిసోడు మొదలెట్టకుండా పరీక్ష పెట్టండి. అతికించే ముక్క, ఆధారం బొమ్మలు ఇచ్చి పది నిశ్చల చిత్రాలు చేయించండి: మూడు కోణాలు ఎండలో, మూడు కోణాలు బల్బు కింద, రెండు మొహాలు, రెండు బుజ్జితో. పదీ ఒకే కాగితం మీద చిన్నగా పేర్చి, ఈ సిరీస్ చూడనివాళ్ళకి చూపించి "ఇందులో ఎంతమంది ఆడవాళ్ళున్నారు?" అని అడగండి. ఒక్కరే అంటే పాసు. మీరు చూసుకుంటే లాభం లేదు, మీ కళ్ళు అలవాటుపడిపోయి ఉంటాయి.

అడ్డరోడ్డు47
పరీక్ష పెట్టాం. పక్కింటివాళ్ళు "ఇద్దరు" అన్నారు. ఏడు ఒక మనిషి, మూడు ఇంకో మనిషి. ఆ మూడూ బల్బు కింద ఉన్నవే. మొహం బాగానే కలుస్తోంది గానీ చీర నల్లగా కనిపిస్తోంది, జుట్టు కూడా నల్లబడి వయసు తగ్గినట్టు ఉంది.

గీతల_సుబ్బులు
పసుపు వెలుగులో ముదురు ఆకుపచ్చ నల్లగా పోతుంది. ఆ రంగు రాసింది నేనే, మీ బండి చీకట్లో మొదలవుతుందన్నది అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. చీరని చిలకపచ్చకి మార్చండి. జుట్టుకి "నెరిసిన" బదులు "తెల్లని" అని ఒక్కసారి మార్చి, ఇక ఎప్పుడూ ముట్టుకోకండి. బల్బు వెలుగు ఆధారం బొమ్మలో ఆవిడ వెనక గోడ లేతగా ఉంచండి, కొప్పు అంచు తెలుస్తుంది.

ఫ్రేము24
రంగు మార్చకుండా ఎడిటింగులో ఆ మూడు షాట్లని వెలుగు పెంచితే పోదా?

ఎడిటు_టేబుల్
వెలుగు పెంచితే చీరతో పాటు చీకటి కూడా తేలిపోతుంది, తెల్లారుజాము మధ్యాహ్నమవుతుంది. పైగా ప్రతి ఎపిసోడ్లోనూ ఆ పని మళ్ళీ చేయాలి. డిజైన్లోనే మార్చేయడం మేలు.

అడ్డరోడ్డు47
చిలకపచ్చతో మళ్ళీ పది చేయించాం. ఈసారి వేరే ఇంటివాళ్ళని అడిగాం. "ఒక్కరే, కానీ ఈ బొమ్మలో ఆవిడకి ఒంట్లో బాలేదా?" అన్నారు. అది విసుగు మొహం.

మాటల_మూట
విసుగు మొహంలో కనుబొమలు పైకి లేచి ఉంటే నీరసంలా కనిపిస్తుంది. కిందకి దించి, పెదవులు ఒక పక్కకి లాగమనండి.

గీతల_సుబ్బులు
పక్కకి అన్నారంటే మళ్ళీ కుడి ఎడమల గొడవ వస్తుంది. కనుబొమలు దించి, పెదవులు బిగించమంటే చాలు.

అడ్డరోడ్డు47
సరే. ఇంకొక్కటి మిగిలింది. మేము వాడే టూల్ కొత్త వెర్షన్ ఇస్తున్నామని మెయిల్ పెట్టింది. పాతది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేదు. ఎనిమిది ఎపిసోడ్లు మిగిలాయి.

ఎడిటు_టేబుల్
కొత్తదాంట్లో అదే ప్రాంప్టుకి వేరే మొహం వస్తుంది. కథలు ముందే రాసేసుకుని, ఎనిమిదింటికీ కావాల్సిన నిశ్చల చిత్రాలన్నీ పాతదాంట్లో ఇప్పుడే చేసి పెట్టుకోండి. పదకొండు ఎనిమిదులు ఎనభై ఎనిమిది. కదలిక కొత్తదాంట్లో చేసుకున్నా పర్లేదు, మొదటి ఫ్రేము మీ బొమ్మే కదా.

గీతల_సుబ్బులు
కథలు హడావుడిగా రాయడం నాకు నచ్చలేదు. కొత్తదాంట్లో అదే పది బొమ్మల పరీక్ష పెట్టండి. పాసైతే మారిపోండి, బైబిల్ మొదటి పేజీలో మోడల్ పేరు, వెర్షన్, తేదీ మార్చి రాయండి. ఫెయిలైతే అప్పుడు ఎడిటు_టేబుల్ గారు చెప్పినట్టు చేయండి.

ఎడిటు_టేబుల్
పరీక్ష అయ్యేలోపు పాతది తీసేస్తే? నేనైతే ముందు సరోజనమ్మ ఆధారం బొమ్మలన్నీ పెద్ద సైజులో దించుకుంటాను, రెండు వెలుగుల్లోనూ.

అడ్డరోడ్డు47
దించుతున్నాం. గోధుమవి వెనక నుంచి తీసినవి లేవు, అవి ఇప్పుడే చేయిస్తున్నాం.